అర్జెంట్: నైట్ షిఫ్టుకు జిన్ ఫిట్టర్ కావాలి, ఒక్కరే (వరంగల్)

డబుల్ రోలర్ జిన్నుల ఫిట్టర్ ఒక్కరు కావాలి. ఎనుమాముల మార్కెట్ యార్డు నుంచి బండి మీద పావుగంట దూరంలో జిన్నింగ్ మిల్లు. 24 డీఆర్ జిన్నులు, క్రోమ్ లెదర్ వాషర్ల రోలర్లు. రాత్రి 10 నుంచి పొద్దున 6 వరకు. నెలకు 24,000, పీఎఫ్, రూము, రాత్రి భోజనం. కనీసం రెండు సీజన్లు నైఫ్ సెట్టింగు, రోలర్ గ్రూవింగు సొంతంగా చేసి ఉండాలి. 2025 నవంబరు 24 సోమవారం రాత్రి డ్యూటీ ఎక్కాలి, మార్చి చివరి దాకా పని. నవంబరు 22 శనివారం సాయంత్రం 6 గంటలకు ఈ మెసేజ్ చెల్లిపోతుంది. కాంటాక్ట్ కార్డు కింద ఉంది, దానికి వాయిస్ మెసేజ్ పెట్టండి.

పైన ఉన్నంత వరకు పంపినా చాలు. కార్డు, తేదీ మాత్రం తీసేయకండి. కార్డు లేకుండా పోతే మనిషి మమ్మల్ని పట్టుకోలేడు. తేదీ లేకుండా పోతే వచ్చే ఏడాది దసరాకు కూడా ఇదే మెసేజ్ తిరుగుతుంటది.

ఎవరికి పంపాలంటే: జిన్నుల మీద పనిచేసేవాళ్లకు, ప్రెస్ ఆపరేటర్లకు, రోలర్ వాషర్లు, నైఫులు అమ్మే స్పేర్ పార్టుల షాపులవాళ్లకు, బేళ్లు ఎత్తే లారీ డ్రైవర్లకు. ఏ మిల్లు ఆగింది, ఏ ఫిట్టర్ ఖాళీగా ఉన్నడు అన్నది అందరికన్నా ముందు తెలిసేది వీళ్లకే. జమ్మికుంట, పరకాల, పెద్దపల్లి, ఆదిలాబాద్, భైంసా వైపు మీకు తెలిసిన ఫిట్టరు ఒక్కడున్నా నేరుగా అతనికే పంపండి. నిరుద్యోగుల గ్రూపుల్లో వేయొద్దని మనవి. అక్కడ వేస్తే వందల ఫోన్లు వస్తయి, అసలు ఫిట్టరు ఫోను ఆ గోలలో పోతుంది.

ఇక పని సంగతి. పగలు ఇద్దరు ఫిట్టర్లు ఉంటారు, రాత్రి మాత్రం మీరొక్కరే, సాయానికి ఒక హెల్పర్. షిఫ్టులో దాదాపు 300 క్వింటాళ్ల పత్తి ఆడుతుంది. రాత్రి మొదటి గంటలో ప్రతి జిన్ను కింద గింజ చేతిలోకి తీసుకుని చూడాలి. గింజ మీద పొడుగు దూది మిగిలి వస్తుంటే గ్రూవు అరిగి ఉంటుంది, లేదంటే రోలర్ మీద నైఫు ఒత్తిడి తగ్గి ఉంటుంది. క్వింటా పత్తికి అర కిలో దూది ఇట్ల గింజతో పోయిందనుకోండి, షిఫ్టుకు 150 కిలోలు. మన బేలు 165 నుంచి 170 కిలోలు, అంటే రాత్రికి ఒక బేలు పోయినట్టే. ఈ పోస్టుకు జీతం ఇస్తున్నది ఆ బేలు కోసమే.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. దూది మిగలొద్దని ఒత్తిడి బాగా బిగిస్తే రోలర్ వేడెక్కుతుంది, తోలు మాడిన వాసన వస్తుంది, వాషర్లు తొందరగా అరుగుతయి. మూవింగ్ నైఫు సెట్టింగు తప్పితే గింజ తెగుతుంది. తెగిన ముక్కలు దూదిలో కలిస్తే గ్రేడు పడిపోతుంది, పగిలిన గింజకు ఆయిల్ మిల్లువాళ్లు ధర కోస్తారు. రెండు తప్పుల మధ్య సన్నటి సందు ఉంటది. ఆ సందు ఎక్కడుందో చేత్తో తెలిసినవాళ్లే కావాలి. పుస్తకం చూసి పట్టుకునేది కాదు.

మంచు పడే రాత్రుల్లో పత్తి తేమ పడుతుంది. 12 శాతం దాటిన సరుకు వస్తే ఫీడర్ దగ్గర జామ్ అవుతుంది, రోలర్ కు చుట్టుకుంటుంది. అప్పుడు బిగించడం కాదు, మేతను తగ్గించాలి, సూపర్ వైజర్ కు చెప్పి ఆ కుప్పను పక్కకు పెట్టించాలి. రాయో, మేకో రోలర్ కిందికి పోయి నిప్పురవ్వ లేస్తే జిన్ను ఆపడంతో పని అయిపోదు. ఆ నిప్పు దూదితో కలిసి ప్రెస్ దాకా పోయిందంటే బేలు లోపల గంటల తరబడి రాజుకుంటూ ఉంటుంది. అనుమానం వచ్చిన బేలు ఏదైనా గోదాములోకి పోదు, బయట విడిగా ఉంటుంది. ఈ విషయంలో ఫిట్టర్ మాటే చెల్లుతుంది, ప్రెస్ వాళ్లు కాదనరు.

గ్రూవింగ్ చేసేటప్పుడు లేచే క్రోమ్ తోలు దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. మాస్కు మేమిస్తాం, పెట్టుకోని వాళ్లను గ్రూవింగు దగ్గరికి రానీయం. మిషన్ నడుస్తుండగా చెయ్యి లోపల పెట్టేవాళ్లు, మెయిన్ స్విచ్ తీయకుండా నైఫు విప్పేవాళ్లు ఎంత పనిమంతులైనా మాకొద్దు. యార్డులో బీడీ, రాత్రి డ్యూటీలో మందు అంటే ఆ రాత్రితోనే లెక్క కట్టి పంపిస్తాం.

దయచేసి వీళ్లు ఫోన్ చేయకండి: జిన్నింగులో ఫీడింగు, ఊడ్పు, హమాలీ పనులు మాత్రమే చేసినవాళ్లు (ఆ పనులకు మనుషులు నిండుగా ఉన్నారు); రైస్ మిల్లు ఫిట్టర్లు; సా జిన్నుల మీద మాత్రమే చేసినవాళ్లు; సోమవారం కాకుండా డిసెంబరులో వస్తామనేవాళ్లు; పగలు షిఫ్టే కావాలనేవాళ్లు. ఐటీఐ ఉంటే సంతోషం, లేకుంటే అడగం. వయసు పట్టింపు లేదు. కళ్లద్దాలు పెట్టుకున్నా సరే, గింజ మీద దూది కనబడాలి.

వాయిస్ మెసేజ్ లో మూడు ముక్కలు చెప్పండి, నిమిషం దాటొద్దు. కిందటి సీజను ఏ ఊళ్లో ఎన్ని జిన్నుల మీద చేసిండ్రు? గ్రూవింగు చేత్తో కోసిండ్రా, మిషన్ మీదనా? నాలుగో నంబరు జిన్ను ఒక్కటే గింజ తెంపుతుంది, పక్కవి మంచిగ నడుస్తున్నయి, ముందు ఏం చూస్తరు? పని తెలిసినవాళ్లకు ఇది అడగాల్సిన ప్రశ్నే కాదు. వేరేవాళ్లను అడిగి చెబితే ఎట్లాగూ ట్రయల్ లో బయటపడుతుంది.

జవాబు నచ్చితే లొకేషన్ పంపుతాం. శుక్ర, శనివారాల్లో ట్రయల్. ఒక జిన్ను మీ ముందు పెడతాం, నైఫులు వదులు చేసి ఉంటాయి. సెట్ చేసి 20 కిలోల పత్తి ఆడించాలి. గింజ, దూది రెండూ పరిచి మీ ముందే చూస్తాం. గంటన్నర పని. పాసైనా కాకున్నా బస్సు చార్జీ, 500 రూపాయలు చేతికిస్తాం. కాజీపేట లేదా వరంగల్ స్టేషన్ లో దిగేవాళ్లు ముందే చెబితే మిల్లు బండి వస్తుంది.

జీతం ప్రతి నెలా 5న బ్యాంకులో పడుతుంది. సంక్రాంతికి మూడు రోజుల సెలవు, జీతం కోత లేదు. మీ స్పానర్లు, గేజీలు మీవే తెచ్చుకుంటే మంచిది, లేకున్నా మిల్లులో ఉన్నయి. ఆధార్, బ్యాంకు పాసుబుక్కు జిరాక్సులు చాలు, ఒరిజినల్స్ మేం పెట్టుకోం. మధ్యలో ఎవరైనా కమీషన్ అడిగితే వాళ్ల పేరు మాకు చెప్పండి, పైసా ఇవ్వొద్దు. మనిషి దొరికిన వెంటనే "పోస్టు నిండింది" అని మెసేజ్ పెడతాం. దాన్ని కూడా పంపినచోటల్లా పంపండి.