తాళపత్రాల సదస్సు ముగింపు సభలో వందన సమర్పణ

సభకు నమస్కారం.

అధ్యక్షత వహించిన మా గురువుగారికి, వేదిక మీదున్న పెద్దలకు, రెండు రోజులుగా ఈ హాలు నిండుగా ఉండేలా చూసిన మీ అందరికీ నమస్కారాలు. ఐదున్నరకల్లా సభ ముగించాలని మాస్టారు చెప్పారు. బయట మళ్లీ మబ్బు పట్టింది, సూళ్లూరుపేట లోకల్ అందుకోవలసినవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. అందుకని నాలుగు మాటల్లో చెబుతాను.

ముందుగా మా తెలుగు శాఖకు. తాళపత్రాల మీద రెండు రోజుల సదస్సు పెడదామన్నప్పుడు, ఎంతమంది వస్తారని అడిగినవాళ్లున్నారు. మా శాఖాధ్యక్షులు మాత్రం ఆ ప్రశ్న వేయలేదు. "ఎవరెవరిని పిలుద్దాం?" అన్నారు. ఆ ఒక్క మాటతో పని మొదలైంది. అనుమతి ఇచ్చి, ఈ హాలు ఇచ్చి, ఖర్చుకు వెనకాడని మా కళాశాల యాజమాన్యానికి, ప్రిన్సిపాల్ గారికి శాఖ తరఫున కృతజ్ఞతలు.

నిన్న ఉదయం కీలకోపన్యాసం చేసిన ఆచార్యులవారికి ఎలా ధన్యవాదాలు చెప్పాలో తెలియడం లేదు. ప్రసంగం సగంలో ఉండగా కరెంటు పోయింది. తెర మీది బొమ్మలు పోయాయి, మైకు పోయింది. ఆయన రెండడుగులు ముందుకొచ్చి, కాగితం కూడా చూడకుండా, ఇంకో నలభై నిమిషాలు గొంతెత్తి మాట్లాడారు. కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులు ఊళ్లు తిరిగి రాతప్రతులు పోగుచేయడం, 1817లో ఈ మద్రాసు పట్నంలో దిగిన బ్రౌన్ ఇక్కడే తెలుగు నేర్చుకోవడం, 1852లో ఆయన నిఘంటువు మన వేపేరీలోనే అచ్చవడం, ఇవన్నీ మాలో కొందరం ఇంతకు ముందు చదివినవే. కానీ ఆ చీకటి హాల్లో ఆయన చెబుతుంటే, మనం రోజూ బస్సులో దాటిపోయే వీధుల్లో ఇదంతా జరిగిందా అనిపించింది. వయసును లెక్కచేయకుండా రాజమండ్రి నుంచి వచ్చినందుకు, చివరి సమావేశం దాకా ముందు వరుసలోనే కూర్చున్నందుకు, అయ్యా, మీకు మా పాదాభివందనం.

బెంగళూరు నుంచి వచ్చిన మేడమ్ గారికి ప్రత్యేకంగా ఒక మాట. నిన్న మధ్యాహ్నం మా పిల్లలు ఒక ఆకు దగ్గర ఆగిపోయారు. పదాల మధ్య ఖాళీ లేదు, పైగా అక్షరం తర్వాత కొసలో ఏదో గుర్తు. "ఇది తొమ్మిది అంకెలా ఉందే" అన్నాడొకడు. మేడమ్ వంగి చూసి, "వలపలగిలక నాయనా. మా కన్నడంలో ఇప్పటికీ రోజూ రాస్తాం, అర్కావొత్తు అంటాం" అన్నారు. ఆ గుర్తును అక్షరానికి ముందు పలికే రకారంగా చదవగానే ఆ పంక్తిలో 'ధర్మము' బయటపడింది. మనం వదిలేసిన గుర్తును పక్కింటివాళ్లు దాచి ఉంచి, అడిగినప్పుడు తెచ్చి ఇచ్చినట్టు తోచింది నాకు. అమ్మా, ధన్యవాదాలు.

ఈ ఉదయం తాళపత్రాలు శుభ్రం చేసి చూపించిన సంరక్షకులు తెలుగువారు కారు, తమిళులు. లిపి తనకు రాదని ముందే చెప్పారు. కానీ మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, దీపపు మసి రాసి, పైన మిగిలింది తుడిచి, నిమ్మగడ్డి నూనె అద్దుతుంటే, అప్పటిదాకా ఉత్త గీతల్లా ఉన్న ఆకు మీద ఒక్కో అక్షరం నల్లగా పైకి తేలింది. గంటం గీసిన గాట్లలో మసి నిలిచిపోయి, మిగతా ఆకు శుభ్రమైపోవడం కళ్లారా చూశాం. హాలంతా లేచి ఆ బల్ల చుట్టూ చేరింది. తనకు చదవరాని అక్షరాలను ఇన్నేళ్లుగా బతికిస్తున్న మనిషి ఆయన. అయ్యా, రొంబ నన్రి.

సమావేశాలకు అధ్యక్షత వహించినవారికి, పత్రాలు సమర్పించిన పరిశోధకులకు, ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటకల నుంచి రాత్రి బండ్లెక్కి వచ్చినవారందరికీ కృతజ్ఞతలు. సమయం సరిపోక పత్రాన్ని కుదించుకోవలసి వచ్చినవాళ్లు మమ్మల్ని మన్నించాలి. అది మా ఏర్పాటులో లోపం, మీది కాదు.

ఇక మా విద్యార్థులు. రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయిలు, ఎగ్మూరు స్టేషన్‌కీ సెంట్రల్‌కీ తెల్లవారుజామున వెళ్లి అతిథుల్ని తీసుకొచ్చిన అబ్బాయిలు. మీలో సగం మందికి ఇంట్లో తెలుగు మాటే తప్ప బళ్లో తెలుగు అక్షరం దొరకలేదు. డిగ్రీకొచ్చాక ఓనమాలు దిద్దినవాళ్లు నిన్న ఆకు పట్టుకుని కూడబలుక్కుని చదువుతుంటే నాకు కళ్లు చెమర్చాయి. మీకు థాంక్స్ చెప్పి ఊరుకోలేను. సోమవారం నుంచి లైబ్రరీలో రోజూ గంటసేపు కలిసి చదువుకుందాం, వచ్చేయండి.

మైకు, లైట్లు చూసుకున్న తమ్ముడికి, రెండు పూటలా వేడిగా సాంబారన్నం, పెరుగన్నం వడ్డించిన క్యాంటీన్ అన్నకీ అక్కలకీ, నిన్న వానకు వరండాలోకి నీళ్లొస్తే అడగకుండానే చీపురు పట్టిన ఆయమ్మకీ, రాత్రి పొద్దుపోయేదాకా గేటు తీసి ఉంచిన వాచ్‌మన్ తాతకీ పేరుపేరునా నమస్కారం.

చివరగా సభికులు. గుమ్మిడిపూండి, తిరుత్తణి, రాయపురం, టి.నగర్ నుంచి ఈ వానల్లో వచ్చారు మీరు. మధ్యాహ్నం ఒక పెద్దావిడ షావుకారుపేట నుంచి పసుపు గుడ్డలో చుట్టిన కట్ట ఒకటి తెచ్చారు. మామగారి నాటిదట. ఏటా సరస్వతీపూజకు దేవుడి గదిలో పెట్టి పసుపు కుంకుమ వేయడమే తప్ప, లోపల ఏముందో ఇంట్లో ఎవరికీ తెలియదన్నారు. చెక్కబద్దలు విప్పి, తాడు వదులు చేసి, మొదటి ఆకు వెలుతురులో పెట్టి చూస్తే వైద్యం. కరక్కాయ, శొంఠి, పిప్పళ్లు, కొలతలతో సహా. ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మా మామగారి తండ్రి వైద్యులని విన్నాను బాబూ, నిజమేనన్నమాట" అన్నారు. అమ్మా, ఆ కట్టను మా ఎదుట విప్పనిచ్చినందుకు మీ ఇంటిల్లిపాదికీ రుణపడి ఉంటాం. ఆకు ఆకునూ ఫొటో తీసి, కట్ట మీ ఇంటికే తెచ్చి అప్పగిస్తాం.

పాత లేఖకులు గ్రంథం చివర ఒక మాట రాసేవారు. వీపు, నడుము, మెడ విరిగేలా తలవంచుకుని కష్టపడి రాశాను, దీన్ని జాగ్రత్తగా కాపాడండి అని. వాళ్లలో చాలామంది పేర్లు కూడా మనకు మిగల్లేదు. ఈ సభ తరఫున వాళ్లకూ నమస్కారం పెడుతున్నాను.

హాలు బయట బల్ల మీద సర్టిఫికెట్లున్నాయి, టీ సిద్ధంగా ఉంది. ఇళ్లలో తాటాకు కట్టలున్నవాళ్లు వెళ్లే ముందు అక్కడున్న పుస్తకంలో మీ ఫోన్ నంబరు రాసి వెళ్లండి, మేమే వస్తాం.

ఇప్పుడు జాతీయ గీతం కోసం అందరూ లేచి నిలబడవలసిందిగా కోరుతున్నాను.