వార్యా ఏం వెతుకుతోంది? ‘చెర్రీ తోట’ చివరి అంకంలో సబ్‌టెక్స్ట్

ఎం.ఏ. థియేటర్ ఆర్ట్స్, మొదటి సంవత్సరం. అసైన్‌మెంట్: నాటక సంభాషణలో పాత్రలు దాటవేసే మాట

సబ్‌టెక్స్ట్ అంటే పాత్ర మనసులో దాచుకున్న మాట అని చెప్పి సరిపెట్టుకుంటాం. నా దృష్టిలో అది సగమే. దాచడానికి ఆ పాత్ర ఏం చేస్తోంది, అందుకు ఎదుటివాళ్లు ఎలా సాయపడుతున్నారు అన్నది కూడా చూడాలి. నటులకు స్టేజీ మీద పనికొచ్చేది ఈ రెండో సగమే. ఇందుకు చెహోవ్ ‘చెర్రీ తోట’ నాలుగో అంకంలో లొపాహిన్, వార్యాల చిన్న సన్నివేశాన్ని తీసుకున్నాను. 1904 జనవరిలో మాస్కో ఆర్ట్ థియేటర్ ఈ నాటకాన్ని మొదటిసారి ప్రదర్శించింది.

ఎస్టేటు వేలంలో పోయింది. కొన్నది లొపాహిన్. అతని తండ్రి, తాత ఆ ఎస్టేటులోనే బానిసలుగా బతికారు. వార్యా ఆ ఇంటి యజమానురాలు రనేవ్‌స్కయా పెంపుడు కూతురు. వీళ్లిద్దరికీ పెళ్లవుతుందని అందరూ అనుకుంటూనే ఉంటారు, అతను మాత్రం అడగడు. అందరూ సామాన్లు సర్దుకుని బయల్దేరుతుంటే రనేవ్‌స్కయా అతన్ని పక్కకు పిలిచి అడుగుతుంది. అతను సరేనంటాడు. మీరు లేకపోతే మాత్రం నేను అడగలేనేమో అని కూడా అంటాడు. ఆమె వార్యాను పిలిచి, ఇద్దరినీ వదిలి వెళ్లిపోతుంది. ఆ తర్వాత నడిచే సంభాషణను నా మాటల్లో క్లుప్తంగా రాస్తున్నాను.

వార్యా: (సామాన్లు చూస్తూ) విచిత్రంగా ఉందే, ఎక్కడా కనిపించదు.
లొపాహిన్: ఏం వెతుకుతున్నారు?
వార్యా: నేనే సర్దాను, ఎక్కడ పెట్టానో గుర్తు లేదు.
లొపాహిన్: ఇప్పుడు ఎక్కడికి వెళ్తున్నారు?
వార్యా: రగూలిన్‌ల ఇంటికి. వాళ్ల ఇల్లు చూసుకోవడానికి ఒప్పుకున్నాను.
లొపాహిన్: అది డెబ్బై వెర్‌స్ట్‌ల దూరం ఉంటుందేమో. ఇక ఈ ఇంట్లో బతుకు అయిపోయినట్టే.

తర్వాత అతను తన ఖార్కోవ్ ప్రయాణం గురించి, పోయినేడాది ఇదే రోజుల్లో మంచు పడటం గురించి మాట్లాడతాడు. ఇవాళ మూడు డిగ్రీల చలి అంటాడు. నేను చూడలేదు, మా థర్మామీటరు పగిలిపోయింది అంటుంది వార్యా. బయటి నుంచి ఎవరో అతన్ని పిలుస్తారు. అతను వెళ్లిపోతాడు. ఆమె నేల మీద కూర్చుని ఏడుస్తుంది.

ఇందులో పెళ్లి అన్న మాటే రాదు. అయినా ప్రేక్షకులకు అంతా తెలుసు, ఎందుకంటే రనేవ్‌స్కయా విషయాన్ని ముందే బయటపెట్టింది. ఆ ముందుమాట లేకపోతే ఇది వాతావరణం గురించిన ముచ్చటే అయ్యేది. సబ్‌టెక్స్ట్ దాగేది పాత్రల మధ్య, ప్రేక్షకుల దగ్గర కాదు. చాలామంది కొత్త రచయితలు ఇక్కడే తికమకపడుతున్నారు: ప్రేక్షకులకు కూడా చెప్పకుండా దాచేసి, అదే లోతు అనుకుంటున్నారు.

ఇప్పుడు ఒక్కో మాటా చూద్దాం. “ఎక్కడికి వెళ్తున్నారు?” అన్నది అతను తెరిచిన తలుపు. “ఎక్కడికీ వెళ్లాలని లేదు” అని ఆమె అనొచ్చు. కానీ ఎవరింటికో, ఏ ఉద్యోగానికో చెబుతుంది. అలా చెప్పడంలోనూ ఒక ఆశ ఉంది: వెళ్లొద్దని అంటాడేమో. అతను దూరం లెక్క కడతాడు. ఇద్దరూ ఒకరికొకరు అవకాశం ఇస్తూనే ఉన్నారు, ఇద్దరూ జారవిడుస్తూనే ఉన్నారు. థర్మామీటరు దగ్గరికొచ్చేసరికి చలి గురించి మాట్లాడటానికి కూడా ఏమీ మిగల్లేదు.

ఈ సన్నివేశాన్ని క్లాసులో రిహార్సల్ చేసినప్పుడు వార్యా వేసిన అమ్మాయి మొదట్లో ప్రతి మాటా బాధగా పలికింది. సన్నివేశం అక్కడికక్కడే చచ్చిపోయింది. ఏడుపు ముందే వినిపిస్తే ఇక ప్రేక్షకులు ఎదురుచూడటానికి ఏముంటుంది? తర్వాత మా మేడమ్ ఆమె చేతి తొడుగు ఒకదాన్ని నిజంగానే మూటల్లో దాచి, వెతకమన్నారు. ఆ అమ్మాయి మూటలు విప్పుతూ, అతనివైపు చూడకుండా జవాబులు చెబుతుంటే మాకు ఊపిరాడలేదు. వెతకడం ఆమెకు రక్షణ. చేతులకు పని ఉన్నంతసేపూ మొహం చూపించనక్కర్లేదు.

అతను ఎందుకు అడగడు? రనేవ్‌స్కయా మీద అతనికున్న మమకారమే కారణమని అనేవారున్నారు. ఆమెను సొంత మనిషికన్నా ఎక్కువగా ప్రేమిస్తున్నానని మొదటి అంకంలో అంటాడు కాబట్టి అది కాదనలేం. నాకు మాత్రం మూడో అంకంలోని తాళాలే ముఖ్యం. అతను ఎస్టేటు కొన్నాడని తెలియగానే వార్యా నడుముకున్న తాళాలగుత్తి తీసి నేల మీద పడేసి వెళ్లిపోతుంది. దాన్ని వంగి తీసుకున్నది అతనే. ఇప్పుడు పెళ్లి అడిగితే ఇంటి యజమాని అడిగినట్టవుతుంది, ఇల్లు పోగొట్టుకున్న ఆమె కాదనలేని స్థితిలో ఉంది. అతని నోరు కట్టేసింది ఆ సిగ్గేనని నా నమ్మకం. బయటి నుంచి పిలుపు రాగానే, దానికోసమే చాలాసేపటి నుంచి ఎదురుచూస్తున్నట్టు వెళ్లిపోతాడని చెహోవ్ రంగసూచన ఇచ్చాడు. నటుడు ఆ ఉపశమనాన్ని దాచకూడదు. వార్యా దాన్ని చూడాలి.