‘పెద్ద సగం’ అన్నవాణ్ని పట్టుకోండి: మూడో తరగతికి సగం, పావు

టీచర్ గారూ, సోమ, మంగళవారాలు నేను ట్రైనింగ్‌లో ఉంటాను. మూడో తరగతి గణితం పీరియడ్లు రెండూ మీవే. పాఠం సగం, పావు. పుస్తకం తెరవాల్సిన పని లేదు. కాగితాలు, క్రేయాన్లు చాలు.

మన పిల్లలకి ఈ మాటలు కొత్త కాదు. పావుకేజీ పచ్చిమిర్చి, అరలీటరు పాలు రోజూ తెస్తారు. యార్డులో పనిచేసేవాళ్ల పిల్లలైతే తూకం మాటలు మనకంటే గట్టిగా చెబుతారు. చిక్కు ఎక్కడంటే, ఇంట్లో జంతిక విరిచి “పెద్ద సగం నాకు, చిన్న సగం నీకు” అని పంచుకుంటారు. వాళ్ల లెక్కలో సగం అంటే రెండు ముక్కల్లో ఒక ముక్క, అంతే. ఆ రెండూ సమానంగా ఉండాలన్నది ఇంకా తలకెక్కలేదు. రెండు రోజుల్లో ఆ ఒక్కటి ఎక్కితే చాలు.

ఇరవై ఎనిమిది మందికి ఎ4 కాగితాలు ఒకవైపు ప్రింటయినవి పెట్టాను. చార్టు పేపర్ వాడకండి, రెండో మడతకే మొరాయిస్తుంది. స్కెచ్ పెన్నులూ వద్దు, రంగు వెనక్కి దిగి ఏది ముందో ఏది వెనకో తెలియకుండా పోతుంది. చతురస్రం కోసం కాగితం ఒక మూలని ఎదుటి పొడవాటి అంచు మీదికి మడిచి, మిగిలిన పట్టీని కత్తిరించాలి. వృత్తాలు టిఫిన్ ప్లేటు పెట్టి గీశాను. మడతలు పెట్టేటప్పుడు ఫ్యాన్ ఆపక తప్పదు. పది నిమిషాలకి మించితే మాత్రం ఈ ఎండకి గోల మొదలవుతుంది, ముందే చెబుతున్నాను.

సోమవారం మొదట మీరే ఒక చతురస్రాన్ని కావాలని వంకరగా మడిచి, విప్పి, గీత మీద చించండి. రెండు ముక్కలూ పట్టుకుని “ఇది నాకు, ఇది మీకు. చెరి సగం. సరేనా?” అని అడగండి. “అన్యాయం టీచర్!” అని అరుస్తారు. ఎందుకు అన్యాయమో వాళ్ల నోటితోనే చెప్పించండి. ‘సమానం’ అన్న మాట ఎవరో ఒకరు అనేదాకా ఆగి, అప్పుడు బోర్డు మీద రాయండి.

తర్వాత ప్రతివాళ్లకీ ఒక చతురస్రం. “మూల మీద మూల, అంచు మీద అంచు. ఇప్పుడు గోటితో నొక్కండి.” విప్పాక మడత మీద గీత గీసి, ఒక భాగానికి రంగు వేయాలి. రెండో చతురస్రాన్ని మూలకి మూల ఐమూలగా మడిచి, అందులోనూ ఒక భాగానికి రంగు. ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి “ఏ సగం పెద్దది?” అనండి. క్లాసు రెండు పార్టీలవుతుంది. త్రిభుజమే పెద్దదనే వాళ్లే ఎక్కువ, పొడవుగా కనిపిస్తుంది కదా.

తీర్పు మీరు చెప్పొద్దు, కత్తెర చెబుతుంది. రంగు వేసిన త్రిభుజాన్ని కత్తిరించండి. దానికి సన్న మూలలు రెండు, పుస్తకం మూలలాంటిది ఒకటి ఉంటాయి. ఒక సన్న మూలని పుస్తకం మూల మీదికి మడిచి, ఆ మడత మీద కత్తిరించండి. వచ్చిన చిన్న త్రిభుజాన్ని తలకిందులుగా తిప్పి, మిగిలిన ముక్క వాలు అంచుకి ఆనించండి. దీర్ఘచతురస్రం వస్తుంది. దాన్ని మొదటి కాగితంలోని సగం మీద పెడితే అచ్చంగా సరిపోతుంది. నేను దీన్ని ఎన్నిసార్లు చేసినా ఆ క్షణంలో క్లాసు ఒక్కసారి నిశ్శబ్దమవుతుంది. అంటే ఆకారం వేరైనా సగం సగమే.

ఇక్కడే మనం చేసే పొరపాటు ఒకటుంది. “మడిస్తే ఒకదాని మీద ఒకటి కూర్చుంటేనే సగం” అని సూత్రంలా చెప్పేస్తాం. పూర్తి ఎ4 కాగితాన్ని ఐమూలగా మడవండి, కూర్చోదు. రెండు చెవులు బయటికి పొడుచుకొస్తాయి. పిల్లలు “సగం కాదు” అంటారు. ఆ గీత మీద కత్తిరించి ఒక ముక్కని తిప్పి పెడితే రెండూ సమానమే. కాబట్టి “మడత కుదిరితే సగం ఖాయం, కుదరకపోతే కత్తిరించి చూద్దాం” అనండి.

మంగళవారం పావు. చతురస్రాన్ని సగానికి మడిచి, విప్పకుండా మళ్లీ సగానికి మడవాలి. విప్పే ముందు ఆపి “లోపల ఎన్ని భాగాలున్నాయి?” అని అడగండి. రెండు మడతలు కదా, రెండు అంటారు కొందరు, మూడు అంటారు ఇంకొందరు. విప్పితే నాలుగు. ఇంకో మడత పెడితే ఎన్ని అని ఒక్కసారి అడిగి వదిలేయండి. ఎనిమిది అని వాళ్లే కనుక్కుంటారు, కానీ ఆ దారిలో దూరం పోకండి.

నాలుగు భాగాల్లో ఒకదానికి రంగు వేస్తే పావు, మూడింటికి వేస్తే ముప్పావు. రెండింటికి వేస్తే నిన్నటి సగం మీద పెట్టి చూడమనండి. ఎదురెదురు మూలల్లో ఉన్న రెండు గళ్లకి రంగు వేస్తే అది సగం కాదనే వాళ్లుంటారు. కత్తిరించి పక్కపక్కన పెట్టించండి. పావలా గురించి చెప్పాలనిపిస్తే చెప్పండి, రూపాయిలో పావు కాబట్టి పావలా. కానీ ఆ నాణెం చెలామణీ 2011లోనే ఆగిపోయింది, వీళ్లెవరూ చూసి ఉండరు.

అంకెల్లో రాయడం ఆఖరి పావుగంటలో చాలు. గీత కింద మొత్తం సమాన భాగాలు, పైన రంగు వేసినవి: 1/2, 1/4, 3/4. ఒక గడికి రంగు వేసి 1/3 అని రాసేవాళ్లు తప్పకుండా ఉంటారు. రంగు వేసినది ఒకటి, వేయనివి మూడు అని లెక్కపెట్టారన్నమాట. తప్పు అని కొట్టేయకుండా “మొత్తం కాగితంలో ఎన్ని?” అని వేలితో లెక్కపెట్టించండి. నాలుగు రెండుకంటే పెద్దది కాబట్టి 1/2 కంటే 1/4 పెద్దదనే వాళ్లకి “ఒక దోశ ఇద్దరు తింటే ఎక్కువ వస్తుందా, నలుగురు తింటేనా?” అంటే చాలు. అయితే పోల్చేటప్పుడు దోశ ఒకే సైజుది కావాలి. న్యూస్ పేపర్లో పావు, బస్ టికెట్టులో సగం పక్కన పెడితే పావే పెద్దగా కనిపిస్తుంది. అది కూడా ఒకసారి చూపించండి.

వృత్తంలో పావులు గీయమంటే మూడు నిలువు గీతలు సమాన దూరంలో గీస్తారు. చివరి ముక్కలు సన్నగా, మధ్యవి లావుగా వస్తాయి. గీయనివ్వకుండా మడిపించడమే దీనికి మందు.

త్రిభుజం దగ్గర మాత్రం మీరే జాగ్రత్త. మూడు భుజాలూ సమానంగా ఉన్నవి కత్తిరించి పెట్టాను. పై కొనని కింది అంచు మధ్యకి మడిచి “సగం వచ్చింది టీచర్” అంటారు. ఎత్తులో సగమే, కాగితంలో కాదు. పైన వచ్చిన చిన్న త్రిభుజం నిజానికి పావు. కింది రెండు మూలల్నీ దేనికది ఎదుటి అంచు మధ్యకి మడిపించి విప్పితే నాలుగు సమాన త్రిభుజాలు కనిపిస్తాయి. సగం కావాలంటే పై కొన నుంచి నిలువుగా, కింది మూల మీద మూల పెట్టి మడవాలి.

చివర్లో ఎవరికి అర్థమైందో తెలుసుకోవడానికి ఒక్క పని ఇవ్వండి. కొత్త ఎ4 కాగితం చేతికిచ్చి, పక్కవాళ్లు చేసినట్టు కాకుండా ఇంకో రకంగా నాలుగు సమాన భాగాలు చేసి, ఒకదానికి రంగు వేయమనండి. నిలువు పట్టీలు, అడ్డ పట్టీలు, నాలుగు పెట్టెలు, ఏదైనా సరే. ఎవరైనా రెండు ఐమూలలూ మడిచి నాలుగు త్రిభుజాలు తెస్తే ఆకారాలు రెండు రకాలుగా ఉన్నాయని తప్పు పెట్టకండి. అవి నాలుగూ సమానమే. దాన్ని విడిగా పక్కన పెట్టి ఉంచండి, బుధవారం దానితోనే మొదలుపెడతాను.

కాగితాలన్నీ బీరువా కింది అరలో, క్రేయాన్లు పాత బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి. కత్తెరలు ఆరే, లెక్కపెట్టి ఇచ్చి లెక్కపెట్టి తీసుకోండి.