ఉపకార వేతనం కొనసాగింపు – రెండో సంవత్సరం, 2025–26

మన ఉన్నత పాఠశాల పూర్వ విద్యార్థుల విద్యా నిధి
హనుమకొండ
10 సెప్టెంబరు 2025

విషయం: బీటెక్ రెండో సంవత్సరానికి ఉపకార వేతనం కొనసాగింపు, కనీస గ్రేడు నిబంధన

సూచిక: 1. 2024 అక్టోబరులో మీకు ఇచ్చిన మంజూరు పత్రం
2. ఎంపిక సంఘం 7 సెప్టెంబరు 2025 నాటి సమావేశ తీర్మానం

చి. శ్రావణికి ఆశీస్సులు.

నీ ఉపకార వేతనాన్ని 2025–26 విద్యా సంవత్సరానికి కొనసాగిస్తూ ఎంపిక సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. మొత్తం ₹36,000. ఇది అక్టోబరులో ₹18,000, మార్చిలో ₹18,000గా నీ బ్యాంకు ఖాతాలోనే జమవుతుంది. కళాశాలకు నేరుగా కట్టం. నీ ట్యూషన్ ఫీజు ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంటు కింద వస్తోంది కనుక ఈ డబ్బు హాస్టల్ మెస్ బిల్లుకు, పరీక్ష ఫీజుకు, పుస్తకాలకు వాడుకో. వేటికి ఎంత ఖర్చయిందో రసీదులు పంపమని అడగం.

ఈ ఉత్తరంలో మిగతాదంతా మూడో సంవత్సరం గురించి. నీకు కొనసాగింపు దొరికింది కదా, ఇదంతా ఇప్పుడెందుకు అనిపించవచ్చు. కిందటేడు ఇద్దరు పిల్లలకు నిబంధన ఏమిటో వేతనం ఆగాకే తెలిసింది. మంజూరు పత్రం వెనక పేజీలో చిన్న అక్షరాలతో రాసినదాన్ని ఎవరూ చదవరని అప్పుడు అర్థమై, ఈసారి ప్రతి ఒక్కరికీ విడిగా, వాళ్ల మార్కులతోనే వివరించి రాయాలని అనుకున్నాం.

ముందు నీ లెక్క చూద్దాం. మొదటి సెమిస్టరులో నీ సగటు 7.1, రెండో సెమిస్టరులో 6.5. రెండింటిలోనూ 20 క్రెడిట్ల చొప్పున ఉన్నాయి కాబట్టి ఏడాది సగటు 6.8. మేం అడిగే కనీస సగటు 6.5. అంటే గట్టున పడ్డావు. కానీ రెండో సెమిస్టరు ఒక్కటే చూస్తే సరిగ్గా గీత మీద నిలబడ్డావు. అక్కడ నిన్ను కిందికి లాగింది ఒకే సబ్జెక్టు. నాలుగు క్రెడిట్ల గణితంలో నీకు సీ గ్రేడు, అంటే 5 పాయింట్లు వచ్చాయి. అదే బీ ప్లస్ వచ్చి ఉంటే 7 పాయింట్లు. రెండు పాయింట్ల తేడాను నాలుగు క్రెడిట్లతో గుణిస్తే 8, దాన్ని 20తో భాగిస్తే 0.4. ఆ ఒక్క గ్రేడు మారితే సెమిస్టరు సగటు 6.9 అయ్యేది. ఎక్కువ క్రెడిట్లున్న సబ్జెక్టును చివరి వారానికి వదిలేసి, ఒక క్రెడిట్ ల్యాబు రికార్డును మూడు రంగుల పెన్నులతో అలంకరించే పిల్లల్ని ముప్పై ఏళ్లు చూశాను. ల్యాబు వద్దని కాదు, దేనికి ఎంత బరువుందో తెలుసుకొని చదవమని చెబుతున్నాను.

6.5 అనే అంకె గాలిలోంచి తెచ్చింది కాదు. జేఎన్‌టీయూ హైదరాబాద్ పద్ధతిలో గ్రేడు సగటు నుంచి 0.5 తీసేసి 10తో గుణిస్తే శాతం వస్తుంది. ఆ లెక్కన 6.5 అంటే 60 శాతం, ప్రథమ శ్రేణి. క్యాంపస్ ఎంపికలకు వచ్చే సంస్థల్లో చాలావాటికి 60 శాతం ఉంటేనే రాత పరీక్షకు పిలుపు. ఆ గీతకు దిగువన మా డబ్బు తీసుకుంటూ నాలుగేళ్లు గడిపి, చివర్లో నువ్వు గుమ్మం బయట నిలబడటం మాకు ఇష్టం లేదు. నిధికి చందా ఇచ్చే వాళ్లలో ట్రాక్టరు మెకానిక్ ఉన్నాడు, డల్లాస్‌లో ఉద్యోగం చేసే అమ్మాయి ఉంది, ఇద్దరూ అదే బెంచీల మీద చదివారు. 60 శాతం పెడదామన్న ప్రతిపాదన మెకానిక్‌దే. 70 ఉండాలని కొందరు పట్టుబట్టారు. పల్లె నుంచి తెలుగు మాధ్యమంలో చదివి వెళ్లిన పిల్లలకు మొదటి ఏడాది ఎంత కష్టమో తెలిసినవాళ్లు ఎక్కువమంది ఉండటంతో ఆ మాట నెగ్గలేదు.

కేంద్ర ప్రభుత్వం ఇచ్చే సెంట్రల్ సెక్టార్ ఉపకార వేతనానికి ఏటా 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు చాలు. మాది మార్కుల్లో అంతకంటే కఠినం, హాజరులో సమానం. అన్నట్టు, ఆ పథకం తీసుకునేవాళ్లు మరో ఉపకార వేతనం గానీ ఫీజు రీయింబర్స్‌మెంటు గానీ తీసుకోకూడదు. నీ స్నేహితురాళ్లలో ఎవరైనా దానికీ మనదానికీ కలిపి దరఖాస్తు పెట్టాలనుకుంటే ముందే చెప్పు.

మూడో సంవత్సరానికి కొనసాగింపు దొరకాలంటే రెండో సంవత్సరం రెండు సెమిస్టర్లూ కలిపి సగటు 6.5 ఉండాలి. ఒక సెమిస్టరు తగ్గినా రెండోది ఎక్కువ తెచ్చి పూడ్చవచ్చు. ఉదాహరణకు మొదటి దాంట్లో 6.2 వస్తే, రెండో దాంట్లో 6.8 తెచ్చుకుంటే సరిపోతుంది. అన్ని సబ్జెక్టులూ పాసై ఉండాలి. ఫెయిలైన సబ్జెక్టుకు మా లెక్కలో సున్నా పాయింట్లు వేస్తాం. నాలుగు క్రెడిట్ల సబ్జెక్టులో బీ ప్లస్ రావలసిన చోట ఫెయిలయితే ఆ సెమిస్టరు సగటు 1.4 పడిపోతుంది. అందుకే ఒకటే బ్యాక్‌లాగ్ కదా అనుకోవద్దు. కానీ సప్లిమెంటరీలో పాసైతే కొత్త గ్రేడుతో మళ్లీ లెక్క కడతాం. మామూలు పరీక్షలో వచ్చిందా, సప్లిమెంటరీలో వచ్చిందా అని తేడా చూపం. ఇక హాజరు 75 శాతం. ఆరోగ్య కారణాలతో కళాశాల 65 నుంచి 75 మధ్య ఉన్నవాళ్లకు మినహాయింపు ఇస్తే మేమూ దాన్ని అంగీకరిస్తాం.

ఇప్పుడు అసలు మాట. 6.5 రాకపోతే ఏమవుతుంది?

అన్నీ పాసై సగటు 6.0 నుంచి 6.49 వరకు ఉంటే వేతనం ఆగదు. దాన్ని పరిశీలన సంవత్సరం అంటాం. అక్టోబరు వాయిదా ₹18,000 యథావిధిగా వస్తుంది. మార్చి వాయిదా మాత్రం మూడో సంవత్సరం మొదటి సెమిస్టరు ఫలితం వచ్చేదాకా మా దగ్గర ఉంటుంది. ఆ సెమిస్టరులో 6.5 వస్తే పూర్తిగా జమచేస్తాం, రాకపోతే ఆ వాయిదా రద్దవుతుంది. నాలుగేళ్ల చదువులో ఈ వెసులుబాటు ఒక్కసారే.

సగటు 6.0 కంటే తగ్గినా, సప్లిమెంటరీ ఫలితాల తర్వాత కూడా ఏదైనా సబ్జెక్టు మిగిలిపోయినా, తర్వాతి సెమిస్టరుకు వేతనం నిలిపేస్తాం. నిలిపేయడమంటే పేరు కొట్టేయడం కాదు. ఆ సెమిస్టరులో 6.5 తెచ్చుకొని, మిగిలిన సబ్జెక్టులు పూర్తిచేస్తే మరుసటి వాయిదా నుంచి మళ్లీ మొదలవుతుంది. ఆగిన కాలానికి మాత్రం డబ్బు వెనక్కి ఇవ్వం. ఆ మొత్తాన్ని ఎదురుచూస్తున్న జాబితాలోని వాళ్లకు మళ్లిస్తాం.

పరిశీలన సంవత్సరమో, నిలిపివేతో ఒకసారి అయ్యాక మరో ఏడాది కూడా సగటు 6.5కు తగ్గితే వేతనం అక్కడితో ముగుస్తుంది. హాజరు చాలక డిటెయిన్ అయితే ఆ ఏడాదికి ఏమీ రాదు, కానీ నీ స్థానాన్ని ఒక సంవత్సరం వేరొకరికి ఇవ్వకుండా ఉంచుతాం.

పైన చెప్పిన ఏ సందర్భంలోనైనా, అప్పటికే ఇచ్చిన డబ్బు తిరిగి కట్టమని అడగం. కిందటేడు వేతనం ఆగిన పిల్లల్లో ఒకరి తండ్రి అప్పుచేసి ₹18,000 పట్టుకొని మా ఇంటికి వచ్చారు. ఆయనకు నచ్చజెప్పి పంపడానికి ఒక పూట పట్టింది. మీ నాన్నగారికి ఈ పేరా తప్పకుండా చదివి వినిపించు.

మార్కులు తగ్గడానికి నీ చేతిలో లేని కారణం ఉంటే, ఫలితాలు వచ్చిన 30 రోజుల్లోపు ఒక పేజీ అర్జీ రాయి. ఆసుపత్రిలో చేరడం, ఇంట్లో మరణం, అమ్మానాన్నలకు తీవ్రమైన జబ్బు, వరదలో ఇల్లు మునగడం వంటివి కారణాలు. ఆసుపత్రి కాగితాలుంటే జతచెయ్యి. లేకపోతే కళాశాలలో నిన్ను ఎరిగిన అధ్యాపకురాలి సంతకంతో ఒక ఉత్తరమైనా చాలు. ముగ్గురు సభ్యులు చదివి 15 రోజుల్లో జవాబు ఇస్తారు. వాళ్లలో ఒకరు ఉపాధ్యాయిని, ఆడపిల్లలు కారణం నేరుగా ఆమెకే చెప్పుకోవచ్చు. ఎవరి వేతనం ఎందుకు ఆగిందో వార్షిక సమావేశంలో చదవం, గోడ మీద అంటించం. పేపరు కష్టంగా వచ్చింది, దిద్దినవాళ్లు సరిగా దిద్దలేదు అన్న అర్జీలు మాత్రం మా ముందుకు తేవద్దు. ఆ అనుమానముంటే రీవాల్యుయేషన్‌కు కట్టి రసీదు పంపు, ఆ ఫలితం వచ్చేదాకా మా నిర్ణయం వాయిదా వేస్తాం.

మార్కుల మెమోలో ఒక్క అంకె దిద్ది పంపినా వేతనం అదే రోజు రద్దు. దీనికి అర్జీ లేదు.

ఈ ఏడాది మొదటి వాయిదా జమ కావాలంటే 30 సెప్టెంబరులోపు మాకు నాలుగు కాగితాలు చేరాలి. మొదటి సంవత్సరం రెండు సెమిస్టర్ల మెమోల నకళ్లు, కళాశాల ఇచ్చే బోనఫైడ్, హాజరు ధ్రువపత్రం, నీ పేరుతో ఉన్న బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీ నకలు. హాజరు ధ్రువపత్రం మీద ప్రిన్సిపాల్ సంతకంతోపాటు ముద్ర కూడా ఉండాలి, ముద్ర లేక వెనక్కి పంపినవి ఏటా ఉంటాయి. ఈ ఉత్తరం రెండో ప్రతి మీద నువ్వూ, మీ నాన్నగారో అమ్మగారో సంతకం చేసి కలిపి పంపండి. గడువు దాటితే వాయిదా నవంబరుకు జరుగుతుంది, రద్దు కాదు.

చివరగా, మొదటి సెమిస్టరు మధ్య పరీక్షల్లోనే ఏదైనా సబ్జెక్టు కొరుకుడు పడలేదని తెలిస్తే సంవత్సరాంతం దాకా ఆగవద్దు. రెండో సంవత్సరం గణితం, సర్క్యూట్లు చెప్పడానికి మన పూర్వ విద్యార్థులు ఇద్దరు ఆదివారాల్లో ఫోనులో అందుబాటులో ఉంటారు, రుసుము లేదు. హనుమకొండ వచ్చినప్పుడు రెండో ఆదివారం ఉదయం 10 నుంచి 12 వరకు పాఠశాల గ్రంథాలయ గదిలో నేను ఉంటాను. గణితం నోటుపుస్తకం తెచ్చుకో.

ఇట్లు,
కార్యదర్శి, ఎంపిక సంఘం
(విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు)

జతపరచినవి: ఉత్తరం రెండో ప్రతి, అర్జీ నమూనా

విద్యార్థిని, తల్లిదండ్రుల అంగీకారం (రెండో ప్రతి మీద మాత్రమే సంతకం చేయాలి):
కనీస సగటు 6.5, హాజరు 75 శాతం నిబంధనలను, అవి అందుకోలేకపోతే వేతనం ఎప్పుడు ఆగుతుందో, ఎప్పుడు తిరిగి మొదలవుతుందో, ఎప్పుడు ముగుస్తుందో చదివి అర్థం చేసుకున్నాం. ఇప్పటికే అందిన మొత్తాన్ని తిరిగి చెల్లించనక్కర లేదని కూడా మాకు తెలుసు.