మూడో అధ్యాయం ప్రూఫ్: కనబడిన తప్పులు, కొన్ని సందేహాలు

అమ్మా, నమస్తే.

మీ మూడో అధ్యాయం (పేజీలు 38 నుంచి 46) రెండుసార్లు చదివాను. మీ ఫైలులో ఒక్క అక్షరం కూడా మార్చలేదు. ప్రింటు తీసుకుని పెన్సిల్‌తో గుర్తులు పెట్టాను, వాటి వివరమే ఈ కాగితం. ఎందుకంటే ఒకప్పుడు ఒకాయన కథలో ‘సంగటి’ అని ఉంటే నేను ‘సంకటి’ అని దిద్దేశాను. ఆయన ఫోన్ చేసి, ‘మా ఇంట్లో సంగటే తింటాం సార్’ అన్నారు. అప్పటినుంచి చూపించడమే నా పని, దిద్దడం మీ పని.

ముందు అక్షరాల సంగతి.

38వ పేజీ, 4వ లైను: ‘జేజి అందరి మద్యలో కూర్చుంది’. ధ వత్తు పోయింది. ఇట్లే అచ్చయితే పాపం జేజి మద్యంలో కూర్చున్నట్టే. 40వ పేజీ, 12వ లైనులో ‘మద్యాహ్నం’ కూడా ఇదే జబ్బు.

39, 11వ లైను: ‘ఆమె మాటల్లో అర్ధం తెలిసింది’. అర్థం అంటే భావం, అర్ధం అంటే సగం. మీరు రాసిన ప్రకారం ఆ పిల్లకు సగమే తెలిసింది. 43, 3వ లైనులో మళ్ళీ ‘అర్దం’ అని ఉంది, అది రెండూ కాదు.

39, 17: ‘కల తప్పిన మొహం’. కళ కావాలి.

‘భాద’: 40, 41, 41, 44, 46 పేజీలు, మొత్తం ఐదు చోట్ల. వత్తు ఉండాల్సింది బ కి కాదు, ద కి. ఐదుసార్లూ ఒకే తీరున ఉంది కాబట్టి ఇది టైపు పొరపాటు కాదు, అలవాటు. మిగతా అధ్యాయాల్లో కూడా వెతకండి.

42, 8: ‘నిశ్శబ్ధం’. ఇక్కడ వత్తు అక్కర్లేదు.

40, 20: ‘రాష్టం’. ర వత్తు లేదు. మీరు అను ఫాంటులో కొట్టించి యూనికోడ్‌కు మార్చారని చెప్పారు గదా, ఆ మార్పిడిలో రాలిపోయి ఉంటుంది. పాత ఫైలు దాచిపెట్టుకోండి, పోల్చుకోవడానికి కావాలి.

41, 15: ‘జేజి, చిన్నాయన ఇద్దరూ వచ్చింది’. వచ్చారు.

46, 2: ‘ఆమె ఆమె’ అని రెండుసార్లు పడింది.

43, 9వ లైను మాత్రం నిదానంగా చూడండి. అక్కడ కొటేషన్ తెరుచుకుంది, ఎక్కడా మూసుకోలేదు. కింద మూడు పేరాల దాకా జేజి మాట్లాడుతోందో, మీరు చెప్తున్నారో తెలియడం లేదు. ‘ఆ బావి నీళ్ళు ఇప్పుడు ఎవరూ తాగరు’ అన్న వాక్యం ఎవరిది? జేజిదైతే అది ఫిర్యాదు, మీదైతే సమాచారం. మూసే గుర్తు ఎక్కడ పడాలో మీకే తెలియాలి.

ఇక పేర్లు, లెక్కలు. 38 నుంచి 41 దాకా ‘రెడ్డెమ్మ’, 42లో రెండుసార్లు ‘రెడ్డమ్మ’, 44లో మళ్ళీ ‘రెడ్డెమ్మ’. ఒకరేనా? 38లో పిల్ల ఎనిమిదో క్లాసు, 45కి వచ్చేసరికి ‘పదేళ్ళ పిల్ల’. చదువులో అంత ముందుందా, వయసు తప్పా?

కథ 1998లో నడుస్తోంది. 42వ పేజీలో జాబు మీద చిరునామా ‘తిరుపతి జిల్లా’ అని ఉంది. ఆ జిల్లా 2022 ఏప్రిల్‌లో వచ్చింది. అప్పటికి మనమంతా చిత్తూరు జిల్లానే.

44లో గంగమ్మ జాతర. మీ చిన్నాయన మొదటిరోజు బండ వేషం, మర్నాడు బైరాగి వేషం కట్టాడు. వరుసలో బైరాగి ముందు, బండ తర్వాత. తిరుపతి వాళ్ళు చదివితే ఇక్కడే పట్టుకుంటారు, నన్ను కూడా అడుగుతారు. అదే రాత్రి (45, 6) పిల్ల ‘చలికి దుప్పటి కప్పుకుని’ పడుకుంది. జాతర మే నెలలో గదమ్మా, మన ఊరి ఎండల్లో దుప్పటా? జ్వరమైతే ఆ మాట ఎక్కడన్నా ఉండాలి.

యాస జోలికి నేను పోలేదు. ‘యాడికి పోతాండావు’, ‘ఊరిబిండి’, ‘అట్లనే’ ఏదీ తప్పు కింద రాయలేదు. ఒక్క ప్రశ్న మాత్రం: 45, 14లో అదే జేజి ‘ఎక్కడికి వెళ్తున్నావు?’ అంటుంది. ఎదురుగా ఉన్నది బ్యాంకు మేనేజరు కాబట్టి కావాలనే అట్లా మాట్లాడించారా? అయితే బాగుంది, ఉంచండి. చేయి జారితే చూసుకోండి. ‘చెనక్కాయ’, ‘శెనక్కాయ’, ‘వేరుశనగ’ మూడూ కథనంలోనే ఉన్నాయి (39, 40, 44). మాటల్లో ఎట్లున్నా ఫరవాలేదు, కథనంలో ఒకటి ఎంచుకోండి.

మొదటి పుస్తకానికి ఇన్ని ఉండటం మామూలే, టెన్షన్ పడకండి. గుర్తులు పెట్టిన కాగితాలు మీ తమ్ముడి చేతికిచ్చి పంపిస్తున్నాను. 43వ పేజీకి పచ్చ చీటీ అంటించాను, అది ముందు చూడండి. కొటేషన్ సంగతి తేలితే నాలుగో అధ్యాయం మొదలుపెడతాను.

ఇట్లు
మీ ప్రూఫ్‌రీడర్, తిరుపతి