అమ్మానాన్నల విశాఖ ప్రయాణం: సరిచూసుకోవాల్సినవి

తమ్ముడూ, నువ్వు పంపిన టికెట్ స్క్రీన్‌షాట్ జూమ్ చేసి రాశాను. ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద అంటించు.

☐ బండి: 20834 వందే భారత్, సికింద్రాబాద్ నుంచి విశాఖపట్నం
☐ తేదీ: 9 జనవరి 2026, శుక్రవారం
☐ బయలుదేరేది 15:00, అంటే మధ్యాహ్నం మూడు. నాన్న 5 అనుకుంటున్నారు, గట్టిగా చెప్పు.
☐ చేరేది 23:30. ఆ వేళకి మామయ్య స్టేషన్‌కి వస్తాడేమో ముందే అడుగు.

☐ నాన్న (71): C5, సీటు 41, CNF
☐ అమ్మ (66): C5, సీటు 42, CNF
☐ పెద్దత్త (69): C6, సీటు 17, CNF

అత్తది పక్క పెట్టె. ఎక్కాక ఎవరినైనా బతిమాలి సీటు మార్చుకోవచ్చు గానీ, ముందు ఆమెను C6లోనే కూర్చోబెట్టు. తలుపులు వాటంతట అవే మూసుకుంటాయి. సామాను పెట్టి దిగుదామని లోపలే ఉండిపోకు, నువ్వూ విశాఖ వెళ్తావు!

☐ ఇంటి నుంచి 1:15కి కారు. పండగ రద్దీ.
☐ ఆధార్ ఒరిజినల్స్ మూడు. టికెట్‌లో నాన్న ఇంటిపేరు ఒక్క అక్షరంతో సరిపెట్టారు, వయసు మాత్రం సరిపోయింది.
☐ భోజనం: ముగ్గురికీ వెజ్ అని ఉంది. అయినా పెరుగన్నం డబ్బా.
☐ నాన్న బీపీ మాత్రలు అమ్మ చేతిసంచిలోనే, సూట్‌కేసులో వద్దు.
☐ స్క్రీన్‌షాట్‌లో పీఎన్‌ఆర్ చివరి రెండంకెలు తెగిపోయాయి. పూర్తి టికెట్ మళ్లీ పంపు, ఈ రాత్రికే.