‘హోల్డాన్’ మూడో డ్రాఫ్టు కోసం: సరోజన బయోగ్రఫీ, ఆర్క్

డైరెక్షన్ టీముకి, మాటల రచయితకి.

రెండో డ్రాఫ్టులో ఇంటర్వెల్ ముందు ఒక సరోజన ఉంది, తర్వాత ఇంకో సరోజన వచ్చింది. 71వ సీన్‌లో డిపో గేటు ముందు నిలబడి ఆమె మూడు పేజీలు మాట్లాడుతుంది. మాటలు బాగున్నాయి కానీ అవి ఆమెవి కావు. మొదటి 70 సీన్లలో ఎవరినీ ఒక్క మాట గట్టిగా అనని మనిషికి ఆ గొంతు ఎక్కడిది? మూడో డ్రాఫ్టు మొదలుపెట్టే ముందు సరోజన ఎవరో మనందరం ఒక్కమాట మీద ఉండాలి. ఇక్కడ రాసిన వాటిలో సగం తెర మీద కనబడవు. అయినా తెలిసి ఉండాలి.

ఎవరీమె

సరోజన, 44 ఏళ్లు. జనగామ–సూర్యాపేట రోడ్డులో, దేవరుప్పుల, తిరుమలగిరి మీదుగా వెళ్లే పల్లెవెలుగు బస్సు కండక్టర్. డిపో పేరు స్క్రిప్టులో ఎక్కడా చెప్పం. కథ జరిగేది 2024 జనవరిలో.

పదో తరగతి పాసైంది. 18 ఏళ్లకే పెళ్లి. భర్త అదే డిపోలో డ్రైవర్, 2009లో గుండెపోటుతో పోయాడు. అప్పటికి కూతురు శ్రావణికి ఆరేళ్లు. మరుసటి ఏడు కారుణ్య నియామకం కింద ఉద్యోగం వచ్చింది. శ్రావణి ఇప్పుడు బీటెక్ ఆఖరి సంవత్సరం.

చిన్నప్పటి సంగతి ఒక్కటి చాలు. తొమ్మిదేళ్లప్పుడు ఊరి కిరాణా దుకాణంలో రెండు రూపాయల చిల్లర తక్కువొచ్చిందని దుకాణాయన అందరి ముందూ ఆమె గుప్పిలి విప్పించి చూశాడు. లోపల ఏమీ లేదు. ఆయన సారీ చెప్పలేదు, తండ్రి అడగనూ లేదు. అప్పటి నుంచి సరోజన ఏ డబ్బయినా రెండుసార్లు లెక్కపెడుతుంది, రెండోసారి ఎదుటివాళ్లకు కనబడేట్టు. దీనికి ఫ్లాష్‌బ్యాక్ వద్దు. రెండోసారి లెక్కపెట్టే ఆ చేతులు చాలు.

బర్రె బాకీ

కథకు వెన్నెముక ఇదే. 2019 అక్టోబర్ 5న ఆర్టీసీ సమ్మె మొదలైంది. యాభై రోజులు దాటినా జీతాల్లేవు. శ్రావణి ఇంటర్ ఫీజు కట్టాలి. డ్రైవర్ మల్లన్న ఆమె భర్తకు దోస్తు. అతనూ సమ్మెలోనే ఉన్నాడు, అతనికీ జీతం లేదు. పాలిచ్చే బర్రెను అమ్మి, 20 వేలు తెచ్చి ఆమె గడపలో పెట్టాడు. “లెక్క రాస్కోకు చెల్లె” అన్నాడు.

ఆమె రాసుకుంది. పదకొండు నెలల్లో తీర్చేసి, నోట్‌బుక్‌లో ‘మల్లన్న 20,000’ అన్న లైను కొట్టేసింది. దాని కింద ఇంకో లైనులో ‘బర్రె’ అని ఉంది. అది కొట్టలేదు. దానికి ధర ఎంతో ఆమెకు తెలియదు.

ఇంకొకటి. సమ్మె తర్వాత రిటైర్మెంట్ వయసు 58 నుంచి 60కి పెరిగింది. పెరగకపోతే 59 ఏళ్ల మల్లన్న ఈపాటికి ఇంట్లో ఉండేవాడు. అతని కళ్లకు శుక్లాలు వచ్చాయి, చెప్పుకోడు. పొద్దుగూకాక ఎదురు బండి లైటు పడితే రోడ్డు కనబడదు. సరోజన కనిపెట్టింది. చీకటి పడగానే ఏదో పనున్నట్టు ముందుకొచ్చి ఇంజిన్ పక్కన నిలబడుతుంది. “ఎడమకు సైకిలు” అని మెల్లగా అంటుంది. అతను థ్యాంక్స్ చెప్పడు, ఆమె ఎందుకు చెప్తున్నదో చెప్పదు. 6, 14, 23 సీన్లలో ఇది జరగాలి. ప్రేక్షకుడు మొదటిసారి గమనించకపోయినా పర్లేదు, మూడోసారికి గుండె గుబుక్కుమనాలి.

ఆమె నమ్మేది

ఎవరికీ బాకీ ఉండకూడదు. బాకీ ఉంటే ఎలాగైనా తీర్చాలి. ఈ ‘ఎలాగైనా’ దగ్గరే కథ ఉంది. ఆమెకు కావలసింది శ్రావణి చదువు అయిపోవడం, తన సర్వీసు రికార్డులో మచ్చ పడకపోవడం. ఆమె తెలుసుకోవలసింది మాత్రం వేరు: కొన్ని బాకీలు తీరవు, తీర్చాలని చూస్తే మూడో మనిషి మీద పడతాయి.

ఆర్క్

మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్ 9న మొదలైంది. బస్సు నిండా ఆడవాళ్లు. చేతిసంచి తేలికైంది, పని మాత్రం పెరిగింది. ప్రతి ఆధార్ కార్డూ చూసి మిషన్‌లో జీరో టికెట్ కొట్టాలి. 31వ సీన్‌లో పొద్దుగూకింది, ఆమె వెనక సీట్ల దగ్గర ఇరుక్కుపోయింది, ముందుకు రావడానికి దారిలేదు. కిటికీలోంచి సైకిల్ కనబడుతుంది. “హోల్డాన్!” అని అరుస్తుంది. సినిమా మొత్తంలో ఆమె అరిచేది ఈ ఒక్కసారే. సైకిల్ మీది పిల్లాడు ఆమెకు తెలిసినవాడే, రోజూ స్టూడెంట్ పాస్ చూపించేవాడు. కాలు విరిగింది.

47వ సీన్, ఇంటర్వెల్. ఎంక్వైరీలో కాగితం ఇస్తారు. “పిల్లగాడే అడ్డమొచ్చిండు” అని రాసి సంతకం పెడుతుంది. పెన్ను దించాక అలవాటు కొద్దీ కాగితం రెండోసారి చదవబోయి, చదవకుండానే ఇచ్చేస్తుంది. మొదటిసారి ఆమె లెక్క సరిచూసుకోలేదు. సంగీతం వద్దు.

ఆ తర్వాత 70 వరకు సరోజన మారినట్టు కనబడకూడదు. లోపల మాత్రం జారుతూ ఉండాలి. చిల్లర తప్పు ఇస్తుంది. పిల్లాడి స్టేజీ దగ్గర తల తిప్పుకుంటుంది. 58లో ఆసుపత్రికి వెళ్లి వాళ్లమ్మకు డబ్బు ఇవ్వబోతే, ఆమె “మీరు చూసిన్రట గదా, మావోడు నిజంగనే అడ్డమొచ్చిండా?” అని అడుగుతుంది. సరోజన దగ్గర జవాబు లేదు. మల్లన్న మళ్లీ స్టీరింగ్ ఎక్కుతాడు. ఈమె మళ్లీ ఇంజిన్ పక్కన నిలబడుతుంది, ఈసారి భయంతో.

71వ సీన్ ఇక ఇలా ఉండాలి. టికెట్ ట్రే రోజుల నుంచీ ఆమెకొక పద్ధతి ఉంది: రాసింది తప్పైతే చెరపదు, అడ్డంగా గీత కొట్టి, పక్కన సరైనది రాసి పొట్టి సంతకం పెడుతుంది. దీన్ని 4వ సీన్‌లోనే చూపించాలి. 71లో ఆఫీసుకెళ్లి, తను రాసిన కాగితం ఇమ్మని అడుగుతుంది. గీత కొడుతుంది, పక్కన రాస్తుంది, సంతకం పెడుతుంది. మల్లన్న అక్కడే ఉంటాడు. ఆమె అనేది ఒక్కమాట: “తప్పు రాసిన సార్. దిద్దుతున్న.” మూడు పేజీల స్పీచ్ పని ఈ గీత చేస్తుంది. ధైర్యం ఆమెకు కొత్తగా రాలేదు, ఎప్పుడూ ఉన్న అలవాటే ఇప్పుడు అన్నిటికంటే ఖరీదైన చోట పనికొచ్చింది.

మాట, ఒంటితీరు

ప్యాసింజర్లతో “జరుగున్రి ముందటికి”, “చిల్లర తియ్యున్రి”, అంతే. మల్లన్నను ‘అన్నా’ అంటుంది, అతను ‘చెల్లె’ అంటాడు. 71 తర్వాత ఆఖరి సీన్ దాకా ఆ పిలుపు రెండువైపులా వినబడకూడదు. కూతురితో ఉన్నప్పుడు మాత్రం గలగలా మాట్లాడుతుంది, నవ్వుతుంది. ఇది మరిచిపోతే ఆమె వట్టి ఏడుపుగొట్టు మనిషవుతుంది. కన్నీళ్లు ఒక్క సీన్‌లోనే, అదీ వీపు మనవైపు పెట్టి.

ఇంకో అలవాటు. ఎవరింటికీ ఒట్టి చేతులతో వెళ్లదు. కనీసం అర డజను అరటిపళ్లు. 9, 27, 58 సీన్లలో చేతిలో ఆ కవరు ఉండాలి. 33, 66 సీన్లలో అది మరిచిపోయాం, కలపాలి.

ఆఖరి సీన్, 94. మల్లన్నను డ్రైవింగ్ నుంచి తప్పించారు, కంటి ఆపరేషన్ అయింది, నల్లద్దాలతో అరుగు మీద కూర్చున్నాడు. సరోజన ఒట్టి చేతులతో వస్తుంది. అతని భార్య మంచినీళ్లు ఇస్తుంది, మాట్లాడదు. సరోజన తాగి, గ్లాసు పట్టుకునే అరుగు చివర కూర్చుంటుంది. వాకిట్లో ఖాళీ గుంజ. చాలాసేపటికి మల్లన్న తల తిప్పకుండానే “ఎవరు, చెల్లెనా?” అంటాడు.

“ఆఁ, నేనే అన్నా.”